పిల్లర్ల మధ్య నీటి పైపు: నడినెత్తిన ఏం జరుగుతోంది?

విశాఖపట్నానికి నీళ్లు దూరం నుంచి రావాలి. గోస్తనీ మీద తాటిపూడి, శారదా నది మీద రైవాడ, ఊరికి దగ్గర్లో మేఘాద్రిగెడ్డ, ఇవి చాలక ఏలేరు కాలువ. ఎక్కడి నుంచి తెచ్చినా దారిలో కొండవాలో, గెడ్డ అనే వాగో, రైలు పట్టాలో అడ్డం వస్తాయి. భూమిలో ఉన్నంతసేపు పైపు బరువును కింద ఉన్న మట్టి మోస్తుంది. గెడ్డ అడ్డం వచ్చిన చోట పైపు బయటికి వచ్చి, ఇవతలి పిల్లర్ మీద నుంచి అవతలి పిల్లర్ మీదికి గాలిలో దాటాలి. అక్కడ అది ఒకేసారి రెండు పనులు చేస్తుంది. లోపలి ప్రెషర్‌ను పట్టి ఉంచుతుంది. దాంతోపాటు తన బరువునూ, నీటి బరువునూ ఒక దూలంలా పిల్లర్ల దాకా మోసుకెళ్తుంది.

డిజైన్ కాగితాల్లో ఈ రెండు పనులకూ రెండు లెక్కలు కనబడతాయి. ప్రెషర్‌కు మందం సరిపోయిందని ఒక పేజీ, బరువుకు సరిపోయిందని ఇంకో పేజీ. రెండూ హద్దులోపలే ఉన్నాయి కాబట్టి పైపు బాగానే ఉందని సంతకం పడుతుంది. కానీ స్టీలుకు రెండు పేజీలు తెలియవు. స్ట్రెస్ అంటే ప్రతి చదరపు మిల్లీమీటరు స్టీలు మీద పడే బలం. ఒకే చోట, ఒకే క్షణంలో రెండు స్ట్రెస్‌లనూ అది భరించాలి. ఆ చోట్లలో జాగ్రత్తగా చూడాల్సింది రెండు పిల్లర్లకు సరిగ్గా మధ్యలో ఉండే పైపు పైభాగం, అంటే దాని నడినెత్తి. అక్కడ పరిస్థితి ఎంత తీవ్రమో బరువు, ప్రెషర్ మాత్రమే చెప్పలేవు. పైపు చివరలను ఎలా పట్టి ఉంచారన్నదే తేలుస్తుంది. నా ఉద్దేశంలో ఈ విషయంలో అందరికీ తెలియాల్సింది ఇదే.

ముందు ఒక పైపు లెక్క

మీటరు వ్యాసం, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న వెల్డెడ్ స్టీలు పైపు తీసుకుందాం. లోపల 12 మిల్లీమీటర్ల సిమెంటు పూత ఉంది. పిల్లర్ల మధ్య దూరం 20 మీటర్లు. లోపల ప్రెషర్ 1 మెగాపాస్కల్, అంటే సైటులో అనుకునే మాటల్లో దాదాపు పది కేజీల ప్రెషర్, సుమారు 100 మీటర్ల ఎత్తు నీటి బరువు. ఇది ఫలానా చోట ఉన్న పైపు కాదు, లెక్క కోసం తీసుకున్నది. అయితే ఇలాంటి కొలతలు నగర నీటి లైన్లలో వింతేమీ కాదు.

ప్రెషర్ వల్ల పైపు చుట్టుకొలత వెంబడి లాగుడు పుడుతుంది. దాన్ని హూప్ స్ట్రెస్ అంటాం. ప్రెషర్‌ను వ్యాసంతో గుణించి, మందానికి రెట్టింపుతో భాగిస్తే సరిపోతుంది:

σh = pD / 2t = 1 × 1000 / (2 × 8) = 62.5 మెగాపాస్కల్

ఇక బరువు. మీటరు పొడవుకు స్టీలు 2 కిలోన్యూటన్లు, సిమెంటు పూత 0.8, నీరు 7.2. మొత్తం 10 కిలోన్యూటన్లు, అంటే మీటరుకు ఒక టన్ను. ఇందులో నీళ్లదే సింహభాగమని గమనించండి. మీటరు బరువు w, పిల్లర్ల మధ్య దూరమైన స్పాన్ L అయితే, 20 మీటర్ల స్పాన్ మధ్యలో పైపును వంచే ప్రభావం, అంటే బెండింగ్ మూమెంట్, wL²/8. అది 500 కిలోన్యూటన్ మీటర్లు. వంపును తట్టుకునే శక్తిని చెప్పే సెక్షన్ మాడ్యులస్, r వ్యాసార్ధం, t మందం ఉన్న పల్చటి పైపుకు πr²t. దాంతో భాగిస్తే బెండింగ్ స్ట్రెస్ దాదాపు 80 మెగాపాస్కల్ వస్తుంది. మధ్యలో పైపు కిందికి వంగుతుంది కాబట్టి అడుగున ఈ 80 టెన్షన్‌గానూ, అంటే లాగుడుగానూ, పైన 80 కంప్రెషన్‌గానూ, అంటే నొక్కుడుగానూ ఉంటుంది.

నీటి పైపుల భారతీయ ప్రమాణం ఐఎస్ 3589లో ఎఫ్ఈ 410 గ్రేడు స్టీలుకు యీల్డ్, అంటే స్టీలు తిరిగి రాకుండా సాగడం మొదలయ్యే స్ట్రెస్, 235 మెగాపాస్కల్. రోజూ నడిచే ప్రెషర్ దగ్గర హూప్ స్ట్రెస్‌ను యీల్డ్‌లో సగానికి మించనివ్వకపోవడం చాలామంది డిజైనర్ల అలవాటు. అంటే 117.5. మన 62.5 దానికి చాలా లోపలే ఉంది. 80 కూడా లోపలే ఉంది. రెండు పేజీలూ పాస్ అయ్యాయి. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

పైన గీసిన చదరం

పైపు నడినెత్తిన సుద్దతో ఒక చిన్న చదరం గీశారనుకోండి. రెండు అంచులు పైపు పొడవు వెంబడి, రెండు అంచులు చుట్టుకొలత వెంబడి. ఇప్పుడు ప్రెషర్ పెంచితే హూప్ స్ట్రెస్ ఈ చదరాన్ని చుట్టుకొలత వైపు సాగదీస్తుంది. ఒకవైపు సాగితే స్టీలు రెండో వైపు కాస్త కుంచించుకుపోతుంది, అది దాని స్వభావం. కాబట్టి చదరం అడ్డంగా వెడల్పై, పొడవున కురచవుతుంది.

నీటి బరువు పడినప్పుడు బెండింగ్ ఇదే చదరాన్ని పొడవున నొక్కుతుంది. నొక్కితే పొడవున కురచై, అడ్డంగా కాస్త వెడల్పవుతుంది. అంటే పైభాగంలో ప్రెషర్, బరువు రెండూ చదరాన్ని ఒకే రూపం వైపు నెడుతున్నాయి. అడుగున గీసిన చదరం సంగతి వేరు. అక్కడ ప్రెషర్ కురచ చేయాలని చూస్తే, బెండింగ్ సాగదీయాలని చూస్తుంది. ఒకదాన్ని ఒకటి కొంత అడ్డుకుంటాయి.

స్టీలు యీల్డ్ అయ్యేది దాని లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారినప్పుడు. ఆ జారుడును తెచ్చేది రెండు దిశల స్ట్రెస్‌ల మధ్య తేడా. ఒక దిశలో 62 లాగుడు, ఇంకో దిశలో 80 నొక్కుడు ఉంటే ఆ తేడా 142. రెండు దిశల్లోనూ లాగుడే ఉంటే తేడా అంత ఉండదు. అందుకే గుర్తు ముఖ్యం: లాగుడు ప్లస్, నొక్కుడు మైనస్. ప్లస్, మైనస్ చూడకుండా ఏ అంకె పెద్దదో చూసి నిర్ణయిస్తే సరైన చోటును వదిలేసి పక్కచోటును కాపాడుకుంటాం.

ఒకసారి ఒక సైటులో వెల్డర్ ఒకాయన నన్ను అడిగాడు: "కింద లాగుతాది గదా సార్, ఇరిగితే కిందే ఇరగాల. మరి మీరు పైన ఎందుకు చూస్తన్నారు?" చాలా మంచి ప్రశ్న. ప్రెషర్ లేని దూలానికైతే ఆయన మాట నిజం. పగులు తెరుచుకోవడానికి లాగుడు కావాలి, అది అడుగున ఉంది. కానీ స్టీలు యీల్డ్ అవడానికి లాగుడే అక్కర్లేదు. ప్రెషర్ ఉన్న పైపులో ఆ పరీక్ష ముందు పైభాగానికే ఎదురు కావచ్చు. వెల్డు పగులు, స్టీలు యీల్డ్ అనే ఈ రెండు భయాలనూ విడిగా ఉంచుకోవాలి. కింద చెప్పే లెక్క రెండోదాని గురించి.

రెండు దిశల స్ట్రెస్‌లను కలిపి ఒకే అంకెగా చెప్పడానికి రిచర్డ్ వాన్ మీసెస్ 1913లో ఇచ్చిన సూత్రాన్ని ఇప్పుడు అందరూ వాడుతున్నారు. పైపు పైభాగానికి అది చాలా సులువుగా కుదురుతుంది. ఎందుకంటే బెండింగ్ వల్ల వచ్చే షియర్, అంటే పక్కపక్క పొరలను జార్చే స్ట్రెస్, పైపు పక్కల్లో ఎక్కువగా ఉండి, నడినెత్తిన సున్నా అవుతుంది. హూప్ స్ట్రెస్ σh, పొడవు వెంబడి స్ట్రెస్ σL మాత్రమే మిగులుతాయి:

σe² = σh² − σh·σL + σL²

దీన్నే కొంచెం సర్ది ఇలా రాయవచ్చు:

σe² = (3/4)·σh² + (σL − σh/2)²

రెండో రూపం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది చూడగానే విషయం చెబుతుంది. మొదటి ముక్క ప్రెషర్‌ది, అది మారదు. రెండో ముక్క అడిగేది ఒక్కటే: పొడవు వెంబడి స్ట్రెస్, హూప్‌లో సగానికి ఎంత దూరంలో ఉంది? ఆ దూరం ఎంత పెరిగితే స్టీలుకు అంత కష్టం. మన పైపులో హూప్‌లో సగం అంటే 31 మెగాపాస్కల్ లాగుడు. నడినెత్తిన ఉన్నది కంప్రెషన్ కాబట్టి అది ఆ 31కి అవతలి ఒడ్డున ఉంది.

మూడు రకాల చివరలు

ఇప్పుడు అసలు ప్రశ్న. నడినెత్తిన పొడవు వెంబడి స్ట్రెస్ ఎంత? బెండింగ్ ఇచ్చే మైనస్ 80 ఖాయం. దానికి ప్రెషర్ ఎంత కలుపుతుందన్నది చివరల మీద ఆధారపడి ఉంటుంది.

మొదటిది, పైపు రెండు చివరలూ మూతలు వేసిన సిలిండర్‌లా ఉన్న పరిస్థితి. ప్రెషర్ ఆ మూతలను బయటికి నెడుతుంది. ఆ నెట్టుడును పైపు గోడే మోయాలి. మన పైపులో అది దాదాపు 785 కిలోన్యూటన్లు, 80 టన్నులు. లైను మలుపు తిరిగిన చోట ఆ నెట్టుడును ఆపే కాంక్రీటు దిమ్మ, అంటే థ్రస్ట్ బ్లాకు, లేకపోయినా, ఉండి కదిలినా దాదాపు ఇదే జరుగుతుంది. ఈ బలం వల్ల పొడవు వెంబడి వచ్చే లాగుడు సరిగ్గా హూప్‌లో సగం, 31. దానికి బెండింగ్ కలిపితే నడినెత్తిన 31 − 80, అంటే మైనస్ 49. అడుగున 31 + 80, అంటే ప్లస్ 111. అంకెలు చూస్తే అడుగే ప్రమాదంగా అనిపిస్తుంది. సూత్రంలో పెట్టి చూడండి. రెండూ 31కి సరిగ్గా 80 దూరంలోనే ఉన్నాయి, ఒకటి ఇటు, ఇంకొకటి అటు. కలిపిన స్ట్రెస్ రెండు చోట్లా 97. యీల్డ్ దృష్టిలో పైకీ కిందికీ తేడా లేదు.

రెండోది, స్పాన్‌కు పక్కన ఎక్స్‌పాన్షన్ జాయింటు ఉన్న పరిస్థితి. ఎండకు పైపు సాగి, కుంచించుకోవడానికి జారే జాయింటు పెడతారు. జారే జాయింటు గుండా పొడవు వెంబడి బలం దాటదు. మలుపుల దగ్గరి 80 టన్నులనూ థ్రస్ట్ బ్లాకులే మోస్తాయి. కాబట్టి ప్రెషర్ వల్ల వచ్చే పొడవు వెంబడి స్ట్రెస్ సున్నా. నడినెత్తిన ఉన్నది మొత్తం మైనస్ 80. అది 31కి 111 దూరం. కలిపిన స్ట్రెస్ 124. అడుగున ప్లస్ 80, 31కి 49 దూరమే, కలిపితే 73. ఇప్పుడు పైభాగం మీద అడుగుకన్నా 70 శాతం ఎక్కువ భారం పడింది. 62.5, 80 అని విడివిడిగా హాయిగా పాస్ అయిన పైపే ఇది. కలిపిన స్ట్రెస్‌కు ఎంత హద్దు పెట్టాలన్నది వాడే కోడ్ చెబుతుంది. కానీ ఆ 124ను అసలు లెక్కే కట్టని డిజైన్‌కు, కోడ్ ఎంత ఇచ్చినా ప్రయోజనం లేదు.

మూడోది, రెండు వైపులా కాంక్రీటు యాంకర్ బ్లాకుల్లో పైపును బిగించేసిన పరిస్థితి. ప్రెషర్ వల్ల చుట్టుకొలత సాగితే పైపు పొడవున కుంచించుకోవాలి. యాంకర్లు కుంచించుకోనివ్వవు. అందువల్ల హూప్‌లో 0.3 వంతు, అంటే 19 లాగుడు పుడుతుంది. నడినెత్తిన మైనస్ 61, కలిపిన స్ట్రెస్ 107. అడుగున 87.

అదే పైపు, అదే నీరు, అదే ప్రెషర్. చివరలు మారితే నడినెత్తిన 97 నుంచి 124 దాకా తిరిగింది. ఎండకు మంచిదని పెట్టిన జారే జాయింటే ఈ చోటుకు అన్నిటికన్నా కఠినం. అంటే జాయింటు పెట్టొద్దని కాదు. పెట్టినప్పుడు ప్రెషర్ ఇచ్చే ఆ 31 లాగుడు సాయం పైభాగానికి ఉండదని తెలిసి స్పాన్ నిర్ణయించాలి. మూమెంట్ స్పాన్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 20 మీటర్లను 17కు తగ్గిస్తే బెండింగ్ 80 నుంచి 58కి దిగుతుంది. మందం పెంచడం కన్నా కొన్నిసార్లు ఇదే చవక.

ఉన్న పైపుకు చివరలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడం

డ్రాయింగులో జారే జాయింటు అని ఉంటుంది. ఇరవై ఏళ్ల ఉప్పుగాలికి అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండవచ్చు. యాంకర్ అని ఉన్నది మెల్లగా జరుగుతూ ఉండవచ్చు. బయటి నుంచి చూస్తే తెలియదు. కుంగుబాటు కొలిచినా తెలియదు. ఈ పైపు మధ్యలో మొత్తం 33 మిల్లీమీటర్లు కుంగుతుంది, అందులో 24 నీరు నింపినప్పుడు వచ్చేవి. చివరల్లో పొడవు వెంబడి బలం ఉన్నా లేకపోయినా ఆ అంకె పెద్దగా మారదు.

స్టీలు ఎంత సాగిందో, ఎంత కురచైందో కొలిచే స్ట్రెయిన్ గేజ్‌ను నడినెత్తిన పొడవు వెంబడి ఒకటి అతికిస్తే సమాధానం దొరుకుతుంది. ముందు పైపును నీటితో నింపి, ప్రెషర్ లేకుండా రీడింగ్ తీసుకోవాలి. తరువాత బరువు మారకుండా ప్రెషర్ మాత్రం పూర్తిగా పెంచి, రీడింగ్ ఎటు కదిలిందో చూడాలి. జాయింటు నిజంగా జారుతూ ఉంటే గేజ్ ఇంకా కురచ వైపు, దాదాపు 94 మైక్రోస్ట్రెయిన్, అంటే పొడవులో పది లక్షల్లో 94 వంతులు, వెళ్తుంది. యాంకర్లు గట్టిగా పట్టి ఉంటే పొడవులో మార్పుకు వీలే లేదు కాబట్టి రీడింగ్ కదలదు. చివరి నెట్టుడును పైపు గోడే మోస్తూ ఉంటే సాగుడు వైపు 62 మైక్రోస్ట్రెయిన్ కదులుతుంది. మూడు పరిస్థితులకు మూడు వేర్వేరు జవాబులు. ఈ మధ్యలో ఎక్కడో వస్తే, జాయింటు సగం బిగుసుకుందనో, యాంకర్ కొంత జరుగుతోందనో అర్థం. ఒక్కో అంకె మన పైపుకు చెప్పినదే. వేరే పైపుకు హూప్ స్ట్రెస్‌ను బట్టి మారుతుంది. దిశలు మాత్రం మారవు.

ఈ కొలతలో ఒక ఉచ్చు ఉంది. రీడింగ్‌ను నేరుగా స్టీలు బిగువును చెప్పే యంగ్స్ మాడ్యులస్‌తో గుణించి స్ట్రెస్ అనుకోకూడదు. జారే జాయింటు ఉన్న మన పైపులో ఏ బరువూ పడకముందే అతికించిన గేజ్, నీరు, ప్రెషర్ రెండూ ఉన్నప్పుడు నడినెత్తిన మైనస్ 494 చూపాలి. దాన్ని నేరుగా గుణిస్తే మైనస్ 99 మెగాపాస్కల్ వస్తుంది, నిజానిది మైనస్ 80. మిగతా 19 హూప్ లాగుడు వల్ల వచ్చిన కురచదనం, అది స్ట్రెస్ కాదు. అందుకే చుట్టుకొలత వెంబడి రెండో గేజ్ తప్పనిసరిగా ఉండాలి. రెండిటినీ కలిపి లెక్కిస్తేనే రెండు స్ట్రెస్‌లూ నిజంగా తేలతాయి.

టెస్టులో పాసైన పైపు

పైపు వేశాక పని ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లతో హైడ్రో టెస్టు, అంటే నీటి ప్రెషర్ పరీక్ష, చేశారనుకోండి. ఒకటిన్నర రెట్లు తట్టుకుంది కాబట్టి అన్నిటికీ భరోసా వచ్చిందని చాలామంది నమ్మకం. నడినెత్తి విషయంలో ఆ నమ్మకాన్ని ఒకసారి పరీక్షించి చూద్దాం.

టెస్టు కోసం ఆ ముక్కకు రెండు చివరలా బ్లైండ్ ఫ్లాంజీలు బిగించారు. జారే జాయింటు తరువాత కలుపుతారు. అంటే టెస్టు సమయంలో పైపు మూతలు వేసిన సిలిండర్. హూప్ స్ట్రెస్ 94, పొడవు వెంబడి దానిలో సగం 47 లాగుడు. నడినెత్తిన మైనస్ 80 కలిపితే మైనస్ 33. కలిపిన స్ట్రెస్ 114. టెస్టు అయ్యాక ఫ్లాంజీలు తీసి, జాయింటు కలిపి, మామూలు ప్రెషర్‌తో నడిపితే అక్కడ ఉండేది 124.

ఒకటిన్నర రెట్ల ప్రెషర్ పెట్టిన రోజుకన్నా మామూలు రోజునే నడినెత్తిన భారం ఎక్కువ. టెస్టు లీకులను పట్టుకుంది, పొడవు వెంబడి ఉన్న వెల్డులను హూప్ లాగుడుకు పరీక్షించింది. అవి దాని పనులు, బాగానే చేసింది. కానీ పిల్లర్ల మధ్య పైభాగంలో రేపు రాబోయే పరిస్థితిని అది అసలు తెచ్చి చూడనే లేదు. టెస్టు రిపోర్టులో ప్రెషర్‌తో పాటు చివరలను ఎలా పట్టి ఉంచారో ఒక వాక్యం రాయడం అందుకే అవసరం.

ఎండ సంగతి

యాంకర్లతో బిగించిన పైపులో ఒక్కో డిగ్రీ వేడికి 2.4 మెగాపాస్కల్ కంప్రెషన్ వస్తుంది. చివరి వెల్డు వేసినప్పటి కన్నా పైపు 15 డిగ్రీలు వేడెక్కితే 36. నడినెత్తిన మైనస్ 61 కాస్తా మైనస్ 97 అవుతుంది, కలిపిన స్ట్రెస్ 107 నుంచి 139కి ఎక్కుతుంది. అడుగున మాత్రం ఇదే వేడి భారాన్ని తగ్గిస్తుంది.

నీరు పారుతున్నంతసేపు స్టీలు నీటి వేడి దగ్గరే ఉంటుంది కాబట్టి మే నెల మధ్యాహ్నమైనా పెద్ద ఇబ్బంది రాదు. ఖాళీ పైపు బాగా కాలుతుంది, కానీ అప్పుడు నీటి బరువు ఉండదు. జాగ్రత్తపడాల్సింది నిండుగా ఉండి, పారుదల ఆగి, గంటలకొద్దీ ఎండలో నిలిచిన పైపు విషయంలో. అన్నిటికన్నా మన చేతిలో ఉన్నది చివరి వెల్డు వేసే వేళ. నడి మధ్యాహ్నం కాలిన పైపుకు చివరి వెల్డు వేస్తే, నీరు వచ్చి చల్లబడ్డాక వెల్డులన్నీ లాగుడులో పడతాయి. చలికాలం తెల్లవారుజామున వేస్తే, తరువాతి వేడంతా నడినెత్తిన కంప్రెషన్‌గా మారుతుంది. పైపు వేడి, రాబోయే నీటి వేడికి దగ్గరగా ఉన్న వేళలో వేస్తే రెండు బాధలూ తక్కువ.

పిల్లర్ మీద కథ తిరగబడుతుంది

ఇంతవరకు రెండు పిల్లర్ల మీద ఉన్న ఒక్క స్పాన్ గురించే మాట్లాడాం. గెడ్డ వెడల్పుగా ఉంటే వరసగా చాలా పిల్లర్ల మీదుగా పైపు తెగకుండా సాగుతుంది. అప్పుడు పిల్లర్ దగ్గర పైపు, భుజం మీద కావడిబద్దలా రెండు వైపులా కిందికి వంగుతుంది. పైభాగం లాగుడులో పడుతుంది, అడుగు నొక్కుడులో పడుతుంది. అవే 20 మీటర్ల స్పాన్లకు, చివరలకు దూరంగా ఉన్న లోపలి పిల్లర్ల దగ్గర బెండింగ్ స్ట్రెస్ సుమారు 53, స్పాన్ మధ్యలో దానిలో సగం.

జారే జాయింటు ఉన్న లైనులో లెక్క వేస్తే పిల్లర్ మీద నడినెత్తిన కలిపిన స్ట్రెస్ 58 మాత్రమే, అడుగున 100. అంటే యీల్డ్ భయం పైనుంచి దిగి, పిల్లర్ మీద పైపును కింది నుంచి పట్టి ఉంచే సాడిల్ కూర్చున్న చోటికి చేరింది. అక్కడ దూలం లెక్క ఒక్కటే చాలదు. సాడిల్ కొసల దగ్గర పైపు గోడ చుట్టుకొలత వెంబడి స్థానికంగా వంగుతుంది. ఎల్. పి. జిక్ 1951లో సాడిల్ మీది సిలిండర్లకు చేసిన విశ్లేషణే ఇప్పటికీ దీనికి ఆధారం. అది వేరే పెద్ద విషయం.

పిల్లర్ మీద పైభాగంలో స్టీలుకు యీల్డ్ భయం తగ్గింది గానీ, వెల్డుకు తగ్గలేదు. చుట్టు వెల్డు సరిగ్గా పిల్లర్ పైన పడితే, దాని నడినెత్తి ఎప్పుడూ పొడవు వెంబడి లాగుడులోనే ఉంటుంది. అందులో చిన్న లోపం ఉన్నా తెరుచుకునే అవకాశం అక్కడే. పైపు ముక్కల పొడవును ముందే సర్దుకుని, సైటు వెల్డులను పిల్లర్ నుంచి స్పాన్‌లో అయిదో వంతు దూరం దగ్గర పడేలా చూస్తే మంచిది. అక్కడ మూమెంట్ దాదాపు సున్నా.

ఎయిర్ వాల్వ్ ఎక్కడ పెట్టాలి

గెడ్డ దాటే చోట పైపు పక్క లైను కన్నా ఎత్తులో ఉంటుంది, గాలి అక్కడే చేరుతుంది. పంపు ఒక్కసారిగా ఆగితే లోపల వాక్యూమ్ కూడా అక్కడే వస్తుంది. 8 మిల్లీమీటర్ల మందం ఉన్నప్పుడు ఈ పైపు చప్పిడి కావాలంటే 0.22 మెగాపాస్కల్ బయటి ప్రెషర్ కావాలి. గాలి ఇవ్వగలిగేది 0.1 మాత్రమే. కానీ తుప్పుకు మందం 6కు తగ్గితే ఆ 0.22 కాస్తా 0.095కు పడిపోతుంది, ఎందుకంటే అది మందం ఘనాన్ని బట్టి మారుతుంది. సాడిళ్లు, రింగులు దగ్గర్లో ఉంటే కొంత ఆదుకుంటాయి, అయినా నిశ్చింతగా ఉండలేం. పైగా వాక్యూమ్‌లో నడినెత్తిన రెండు దిశల్లోనూ నొక్కుడే కాబట్టి వాన్ మీసెస్ అంకె చిన్నదిగా వస్తుంది. ఆ సూత్రానికి చప్పిడి కావడం గురించి తెలియదు. దీన్ని వేరుగా చూసుకోవాలి. కాబట్టి చేరిన గాలిని బయటికి, వాక్యూమ్ వస్తే గాలిని లోపలికి వదిలే ఎయిర్ వాల్వ్ ఉండి తీరాలి.

ఎక్కడ పెడతారు? చాలామంది గెడ్డకు నడిమధ్యన, పైపు నడినెత్తిన పెడతారు. పెట్టాలంటే అక్కడ స్టీలుకు కన్నం కోయాలి. చిన్న కన్నం అంచున స్ట్రెస్ ఎంత పెరుగుతుందో 1898లో కిర్ష్ అనే ఇంజనీరు తేల్చాడు. రెండు దిశల్లో స్ట్రెస్ ఉంటే, ఒక దిశ స్ట్రెస్‌కు మూడు రెట్ల నుంచి రెండో దిశ స్ట్రెస్‌ను తీసేయాలి. బెండింగ్ లేని మూతల సిలిండర్‌లో అది 3 × 62.5 − 31, అంటే 156. జారే జాయింటు ఉన్న మన పైపు నడినెత్తిన రెండో దిశ మైనస్ 80. మైనస్‌ను తీసేయడమంటే కలపడమే. 3 × 62.5 + 80, అంటే 267. ఇది చదును పలకలో చిన్న కన్నానికి చెప్పిన లెక్క కాబట్టి అంకెను అక్షరాలా తీసుకోనక్కర్లేదు. కానీ యీల్డ్ 235 అయిన స్టీలులో ఆ అంచు ఎటు పోతోందో తెలుస్తుంది. పంపు రోజూ ఆగి, మొదలయ్యే లైనులో ఆ అంచున ఉన్న వెల్డు అన్నిసార్లూ ఊగుతుంది. కన్నం చుట్టూ పటిష్ఠపరిచే ప్లేటు వేయడం అందుకే.

ప్లేటుతో పాటు చోటు కూడా మార్చవచ్చు. ఒక్క స్పానే ఉంటే పిల్లర్ నుంచి రెండు మీటర్ల దూరంలో బెండింగ్ 80 నుంచి 29కి తగ్గుతుంది, కన్నం అంచున 267 బదులు 216 వస్తుంది. సాడిల్ ప్రభావానికీ అది తగినంత దూరమే. గాలి చేరే ఎత్తైన చోటు నడిమధ్యే కదా అంటారేమో. లెవెల్‌గా వేసిన పైపు నీటితో నిండాక మధ్యలో 33 మిల్లీమీటర్లు కుంగి ఉంటుంది. ముందే పైకి వంపు పెట్టి వేయకపోతే ఆ స్పాన్‌లో అన్నిటికన్నా పల్లం చోటు అదే. గాలి పిల్లర్ల వైపే చేరుతుంది.